నెలసరి రానప్పుడు, వచ్చి ఆగినప్పుడు: ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత?

ఎఫ్‌ఎస్‌హెచ్ 4.6, ఎల్‌హెచ్ 1.8, ఎస్ట్రాడయాల్ 14. ఆరు నెలలుగా నెలసరి ఆగిపోయిన అమ్మాయి రిపోర్టులో ఈ మూడు అంకెలు ఉన్నాయనుకుందాం. ఎఫ్‌ఎస్‌హెచ్ పక్కన ల్యాబ్ వాళ్లు ఎర్ర గుర్తేమీ పెట్టరు. అది వాళ్లు అచ్చువేసిన పరిధిలోనే ఉంది. ‘హార్మోన్లన్నీ నార్మలే’ అనుకుని రిపోర్టు మడిచి ఇంటికి వెళ్లిపోతారు. కానీ ఎస్ట్రాడయాల్ అంటే రక్తంలో తిరిగే ముఖ్యమైన ఎస్ట్రోజనే. అది అంత అడుగంటినప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను బాగా పెంచి అండాశయాన్ని తట్టి లేపాలి. అది పెరగకుండా 4.6 దగ్గరే ఉండిపోయింది. అంటే లోపం అండాశయంలో లేదు, దానికి పైన ఉంది. నార్మల్‌గా కనిపించిన ఆ అంకే అసలు సంగతి చెబుతోంది.

ప్యాకేజీ కింద పదిహేను హార్మోన్లు ఒకేసారి చేయించుకుంటే ఇలాంటి పొరపాట్లే జరుగుతాయి. ఒక్కో అంకెను దాని పరిధితో పోల్చి చూస్తాం కానీ, రెండో అంకెతో కలిపి చదవం. నెలసరి లేకపోవడాన్ని వైద్యులు అమెనోరియా అంటారు. అది జబ్బు పేరు కాదు, లక్షణం. దాని కారణం వెతకడమంటే ఒక్కో పరీక్ష జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఏమిటో తేల్చుకుంటూ పోవడమే.

ఈ లక్షణాన్ని రెండుగా విడదీస్తారు. అసలు రజస్వలే కాకపోతే ప్రైమరీ అమెనోరియా. నెలసరి కొంతకాలం వచ్చి ఆగిపోతే సెకండరీ. రొమ్ములు పెరిగి కూడా 15 ఏళ్లు నిండేసరికి నెలసరి మొదలవకపోతే పరీక్షలు మొదలుపెట్టాలి. 13 ఏళ్లకు రొమ్ముల పెరుగుదలే కనిపించకపోతే 15 దాకా ఆగనక్కరలేదు. రొమ్ములు పెరగడం మొదలై మూడేళ్లయినా రజస్వల కాకపోయినా చూపించాల్సిందే. పాత పుస్తకాల్లో ఈ వయసులు 16, 14 అని ఉండేవి, ఇప్పుడు తగ్గాయి. మన ఇళ్లలో ‘మా వైపు అందరం ఆలస్యంగానే పెద్దమనిషులమయ్యాం’ అన్న మాట వినిపిస్తుంటుంది. అది కొన్ని కుటుంబాల్లో నిజమే. వంశంలో యుక్తవయసు ఆలస్యంగా వచ్చే తీరు ఉంటుంది. అయితే పరీక్షలు చేసి మిగతా కారణాలు లేవని తేల్చాకే ఆ మాట చెప్పుకోవాలి, ముందే కాదు. సెకండరీ విషయంలో, అంతకుముందు నెలనెలా వచ్చే వారికి మూడు నెలలు ఆగితే, మొదటి నుంచీ సక్రమంగా రాని వారికి ఆరు నెలలు ఆగితే వెతుకులాట మొదలవుతుంది.

నెలసరి రావాలంటే నాలుగు చోట్ల పని సవ్యంగా జరగాలి. మెదడులోని హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలుగా వదలాలి. దానికి స్పందించి పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పంపాలి. వాటితో అండాశయం ఎస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ తయారుచేయాలి. వాటికి గర్భసంచి లోపలి పొర పెరిగి ఊడాలి, ఆ రక్తం బయటికి రావడానికి దారి ఉండాలి. నెలసరి వచ్చి ఆగిందంటే ఈ వరుసంతా ఒకప్పుడు పనిచేసిందని అర్థం. అసలు రానే లేదంటే ఏదో ఒక అవయవం పుట్టుకతోనే లేకపోయి ఉండవచ్చు. రెండింటికీ రక్తపరీక్షలు దాదాపు ఒకటే అయినా మొదట అడిగే ప్రశ్న వేరుగా ఉండేది ఇందుకే.

ఇద్దరికీ తప్పనిసరిగా ముందు చేయాల్సింది మాత్రం ఒకటే, గర్భనిర్ధారణ పరీక్ష. సెకండరీలో దీని గురించి వేరే చెప్పక్కరలేదు. ప్రైమరీలో కూడా ఎందుకంటే, మొదటి నెలసరికి రెండు వారాల ముందే మొదటి అండం విడుదల కావచ్చు. ఒక్కసారి కూడా నెలసరి చూడకుండానే గర్భం రావడం అరుదే అయినా అసాధ్యం కాదు. అమ్మాయితో తల్లి బయట ఉన్నప్పుడు విడిగా నాలుగు మాటలు మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక ఈ పరీక్ష చేయడం వైద్యుల పద్ధతి. తల్లి ఎదురుగా అడిగితే వచ్చే జవాబును నమ్మి ఈ మెట్టు దాటేస్తే, ఆ తర్వాత ఇచ్చే మందులు, తీసే ఎక్స్‌రేలు ప్రమాదకరం కావచ్చు.

మందుల షాపులో దొరికే కిట్, ఆశా కార్యకర్త ఇచ్చే నిశ్చయ్ కిట్, రెండూ మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్‌నే వెతుకుతాయి. నెలసరి తప్పి వారమైతే సాధారణంగా గీత స్పష్టంగానే వస్తుంది. తేదీ తప్పిన మర్నాడే చేసి ఒక్క గీత చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకోవద్దు. వారం ఆగి, పొద్దున్నే మొదటి మూత్రంతో మళ్లీ చేయాలి. దీనికి తలకిందులుగా ఇంకో చిక్కుంది. గర్భం రెండు మూడు నెలలు దాటాక, లేదా బిడ్డకు బదులు మాయ నీటిబుడగల్లా పెరిగే ముత్యాల గర్భంలో, హెచ్‌సీజీ గానీ దాని ముక్కలు గానీ విపరీతంగా పెరిగి కిట్‌లోని పదార్థాన్ని ముంచేస్తాయి. అప్పుడు కిట్ గర్భం లేదనే చూపించవచ్చు. అందుకే మూడు నాలుగు నెలలుగా నెలసరి లేక, వాంతులో పొట్టలో బరువో ఉన్నప్పుడు కిట్ నెగటివ్ వచ్చినా రక్తంలో బీటా హెచ్‌సీజీ గానీ స్కానింగ్ గానీ చేసి తేల్చుకుంటారు.

గర్భం లేదని తేలాక, పరీక్షలకు రక్తం ఇచ్చే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ బల్ల మీద పెట్టించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకునే వారిలో చాలామందికి నెలసరి ఆగిపోతుంది. అది ఆ మందు పనితీరే, జబ్బు కాదు. మానేశాక మళ్లీ చక్రం కుదురుకోవడానికి చాలా నెలలు పట్టవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ చేయిస్తే అవి అణిగిపోయి కనిపిస్తాయి. మాత్రలు ఆపి ఒకటి రెండు నెలలయ్యాక చేసిన పరీక్షకే విలువ.

ఇక జుట్టు రాలుతోందని వాడే బయోటిన్. ఈ మాత్రల గురించి ల్యాబ్‌లో అడిగేవారు తక్కువ, చెప్పేవారు అంతకన్నా తక్కువ. కొన్ని రకాల యంత్రాల్లో హార్మోన్ల కొలతకు బయోటిన్‌నే అంటుగా వాడతారు. రక్తంలో అది ఎక్కువగా ఉంటే థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ ఉన్నదానికన్నా తక్కువగా, ఎస్ట్రాడయాల్, టెస్టోస్టెరాన్ ఎక్కువగా తేలవచ్చు. రెండు మూడు రోజులు బయోటిన్ మానేసి రక్తం ఇస్తే సరిపోతుంది. లక్షణాలకూ అంకెలకూ పొంతన లేనప్పుడు ముందు అనుమానించాల్సింది దీన్నే.

రక్తపరీక్షల మొదటి విడతలో నాలుగే ఉంటాయి: ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్. ఎల్‌హెచ్ కలిపితే ఐదు. నెలసరే లేనప్పుడు రెండో రోజో మూడో రోజో అని ఎదురుచూడక్కరలేదు, ఏ రోజైనా ఇవ్వవచ్చు. ప్రొలాక్టిన్‌కు మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. నిద్రలో అది పెరుగుతుంది, భయంతో పెరుగుతుంది, వ్యాయామంతోనూ పెరుగుతుంది. లేచిన రెండు గంటల తర్వాత, కాసేపు నెమ్మదిగా కూర్చున్నాక రక్తం ఇవ్వాలి. మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు మామూలు అనుకుంటే, 35, 40 వచ్చినంత మాత్రాన కంగారుపడి ఎంఆర్‌ఐకి పరుగెత్తనక్కరలేదు, ముందు మరోసారి చేయించాలి.

ఒక ఉదాహరణతో ఈ మెట్టును చూద్దాం. 27 ఏళ్ల వివాహిత, ఒక బిడ్డ తల్లి. పాలు మాన్పించి రెండేళ్లయింది. ఐదు నెలలుగా నెలసరి లేదు. కిట్ రెండుసార్లు నెగటివ్. బరువులో మార్పు లేదు, తలనొప్పి లేదు, చూపు బాగానే ఉంది. రొమ్ము నొక్కితే మాత్రం రెండు వైపులా పాల చుక్క వస్తోంది. టీఎస్‌హెచ్ 2.4, ప్రొలాక్టిన్ 112. మరోసారి చేస్తే 104. ఇంత పెరిగిందంటే పిట్యూటరీలో గడ్డ ఉందేమోనన్న ఆలోచన వెంటనే వస్తుంది. ఎంఆర్‌ఐ రాసిచ్చేవారూ ఉంటారు. కానీ మందుల కవర్లో గ్యాస్ కోసం ఆరు నెలలుగా వాడుతున్న క్యాప్సూల్ ఉంది. పేరు చూస్తే గ్యాస్ మందే, వెనకవైపు చిన్న అక్షరాల్లో లెవోసల్పిరైడ్ అని ఉంది.

ప్రొలాక్టిన్‌కు పగ్గం వేసేది మెదడు నుంచి దిగే డోపమిన్. లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటి మందులు పిట్యూటరీ దగ్గర ఆ డోపమిన్‌ను అడ్డుకుంటాయి. పగ్గం వదిలిన ప్రొలాక్టిన్ పెరిగి, హైపోథాలమస్ విడతలను అణిచేస్తుంది. నెలసరి ఆగిపోతుంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి మానసిక వ్యాధుల మందులదీ ఇదే దారి. గ్యాస్ మందు కాబట్టి దీన్ని వైద్యుని సలహాతో ఆపేయవచ్చు. మానసిక వ్యాధికి వాడే మందును మాత్రం సొంతంగా ఆపితే ప్రమాదం, అది ఇచ్చిన వైద్యునితో మాట్లాడి మార్పించుకోవాలి. మన ఉదాహరణలో క్యాప్సూల్ ఆపారు. నాలుగు వారాలకు ప్రొలాక్టిన్ 17కు దిగింది. ఆపై మూడు వారాల్లో నెలసరి వచ్చింది.

ఇక్కడ ముందే ఎంఆర్‌ఐ తీసి ఉంటే ఏమయ్యేది? ఏ బాధా లేని మనుషుల్లోనే దాదాపు పదిమందిలో ఒకరికి పిట్యూటరీలో చిన్న మచ్చలాంటిది కనిపిస్తుంది. అది ఎవరికీ హాని చేయనిదే. అలాంటిది ఒకటి బయటపడితే, ‘మెదడులో గడ్డ’ అన్న మాట ఇంటిల్లిపాదినీ పట్టుకునేది. ఏళ్ల తరబడి మందులు వాడాల్సి వచ్చేది. అసలు కారణమైన క్యాప్సూల్ మాత్రం రోజూ పరగడుపున లోపలికి పోతూనే ఉండేది. పరీక్షల వరుస ముఖ్యమనడానికి ఇంతకన్నా మంచి రుజువు కనపడదు.

మందులేవీ లేకుండా ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉంటే ఎంఆర్‌ఐ అవసరమే. 200 దాటితే ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ ఉండే అవకాశం బాగా ఎక్కువ, చాలాసార్లు అది కేబర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుంది. అయితే ఎంఆర్‌ఐకి ముందు టీఎస్‌హెచ్ చూడాలి. థైరాయిడ్ బాగా తగ్గిపోయినప్పుడు దాన్ని పెంచడానికి మెదడు పంపే సంకేతమే ప్రొలాక్టిన్‌ను కూడా పెంచుతుంది. అప్పుడు పిట్యూటరీ ఉబ్బి గడ్డలా కనిపించవచ్చు. థైరాక్సిన్ మాత్రలతో కొన్ని నెలల్లో మామూలు స్థితికి వచ్చేదాన్ని ఆపరేషన్ దాకా తీసుకుపోవడం వైద్య చరిత్రలో జరగని పని కాదు.

ఈ రెండూ సరిగా ఉంటే వెతుకులాట ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్ జంట దగ్గరకు వస్తుంది. జంట అనడం ఊరికే కాదు, విడివిడిగా చూస్తే ఈ రెండూ అబద్ధాలు చెబుతాయి.

ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి, ఎస్ట్రాడయాల్ తక్కువగా ఉంటే పైనుంచి ఆజ్ఞ గట్టిగానే వస్తోంది, అండాశయమే పలకడం లేదు. 40 ఏళ్లలోపు ఇలా ఉంటే అండాశయాలు ముందే అలసిపోయాయని అనుమానిస్తారు. ఒక్క రిపోర్టుతో ఈ మాట చెప్పేయడం కన్నా నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ చేసి చూడటం మంచిది. కారణం ఒకటుంది. అండం విడుదలయ్యే ముందు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ ఒక్కసారిగా ఎగుస్తాయి. ఆగిన చక్రం తనంతట తాను మొదలవుతున్న రోజే రక్తం తీసి ఉంటే అంకె భయపెడుతుంది, రెండు వారాలకే నెలసరి వచ్చేస్తుంది. రెండోసారీ ఎక్కువే ఉంటే క్రోమోజోముల పరీక్ష, ఫ్రాజైల్ ఎక్స్ జన్యుపరీక్ష, థైరాయిడ్‌కు, అడ్రినల్ గ్రంథికి వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీల పరీక్ష వరుసగా వస్తాయి. క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ తీసుకున్నవారిలో కారణం వెతకనవసరం లేదు. నెలసరి రాకపోయినా ఫరవాలేదులే అని ఊరుకోవడానికి ఇక్కడ వీల్లేదు. 30 ఏళ్లకే ఎస్ట్రోజన్ లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ మంచిది కాదు. మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ అందివ్వాలి.

ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగానో ‘నార్మల్’గానో ఉండి, ఎస్ట్రాడయాల్ అడుగున ఉంటే లోపం పైన. మొదట చెప్పుకున్న రిపోర్టు ఇదే. దీనికి ఎక్కువగా కనిపించే కారణం శరీరానికి అందుతున్న తిండి, ఖర్చవుతున్న శక్తికి సరిపోకపోవడం. ఇంటర్ రెండో సంవత్సరంలో హాస్టల్లో ఉంటూ, తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పదకొండు దాకా పుస్తకాలు, నచ్చని మెస్ భోజనం, ఏడాదిలో 52 కిలోల నుంచి 44కు దిగిన బరువు. ఆ అమ్మాయి హైపోథాలమస్ ఇప్పుడు బిడ్డను కనే సమయం కాదని విడతలను నెమ్మదింపజేస్తుంది. విడతలు నెమ్మదిస్తే ముందు దెబ్బతినేది ఎల్‌హెచ్, అందుకే అది ఎఫ్‌ఎస్‌హెచ్ కన్నా కిందికి దిగి ఉంటుంది. పరుగు పందేలకు, నాట్యానికి కఠినంగా సాధన చేసేవారిలో బరువు తగ్గకపోయినా ఇది రావచ్చు. కానీ ఇది మిగతావన్నీ లేవని తేలాక మిగిలే నిర్ణయం. తలనొప్పి, చూపు మసకబారడం, మిగతా పిట్యూటరీ హార్మోన్లు తగ్గడం ఉంటే ఎంఆర్‌ఐ తీయకుండా ‘టెన్షన్ వల్లే’ అనకూడదు. కాన్పులో తీవ్రంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, నీరసంతో ఉన్న తల్లిలో పిట్యూటరీయే దెబ్బతిని ఉండవచ్చు. షీహన్ 1937లో వివరించిన ఈ స్థితిలో నెలసరికన్నా ముందు చూడాల్సింది కార్టిసాల్. అది లేకపోతే ప్రాణానికే ముప్పు.

రెండూ మధ్యస్థంగా ఉంటే, ఎస్ట్రోజన్ తయారవుతోంది కానీ అండం విడుదల కావడం లేదని అర్థం. అక్కడ ‘అండాశయాల్లో నీటిబుడగలు’ అని జనం చెప్పుకునే పీసీఓఎస్ ముందు వరసలో ఉంటుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొండి మొటిమలు ఉంటే టెస్టోస్టెరాన్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టరాన్ చేస్తారు. రెండోది పీసీఓఎస్ వేషంలో వచ్చే అడ్రినల్ లోపాన్ని పట్టిస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తి చూసి పీసీఓఎస్ అని తేల్చే అలవాటు ఇంకా ఉంది కానీ, ఇప్పటి ప్రమాణాల్లో దానికి చోటు లేదు. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని అమ్మాయిలో స్కానింగ్‌లో నీటిబుడగలు కనిపించాయని పీసీఓఎస్ ముద్ర వేయకూడదు. ఆ వయసులో అలా కనిపించడం మామూలే.

ఈ చోటే ‘పది రోజులు మాత్రలు వేసుకోండి, నెలసరి వస్తుంది’ అనే సలహా వినపడుతుంది. మెడ్రాక్సీప్రొజెస్టరాన్ 10 మిల్లీగ్రాములు రోజుకొకటి ఐదు నుంచి పది రోజులు ఇచ్చి ఆపితే, వారంలోపు రక్తం కనిపించడం ఒకప్పుడు ముఖ్యమైన పరీక్ష. కనిపిస్తే గర్భసంచి పొరకు ఎస్ట్రోజన్ అందుతోందని, దారి బాగుందని అర్థం. కనిపించకపోతే ఎస్ట్రోజన్ లేదనో, పొరగానీ దారిగానీ దెబ్బతిందనో అర్థం. ఇప్పటికీ పనికొస్తుంది కానీ దాని మీదే ఆధారపడరు. ఎస్ట్రోజన్ బాగా తగ్గినవారిలోనూ కొందరికి రక్తం కనిపిస్తుంది, తగినంత ఉన్నవారిలోనూ కొందరికి కనిపించదు. అసలు హాని వేరేచోట ఉంది. షాపులో అడిగి ఈ మాత్రలు తెచ్చుకుని, రక్తం కనపడగానే ‘నెలసరి వచ్చేసింది’ అనుకుని ఏడాది గడిపేసేవారు ఉన్నారు. వచ్చింది మందు ఆపినందుకు వచ్చిన రక్తస్రావం, అండం విడుదలై వచ్చింది కాదు. కారణం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ నాలుగూ నిజంగానే బాగుండి, ఎస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ వరుసగా ఇచ్చినా రక్తం రాకపోతే గర్భసంచి లోపల చూడాలి. గర్భస్రావం తర్వాతో, కాన్పు తర్వాతో లోపల శుభ్రం చేయించుకున్నవారిలో గోడలు అతుక్కుపోవచ్చు. మన దేశంలో ఇంకో కారణాన్ని మరవకూడదు, గర్భసంచికి సోకే క్షయ. దగ్గు లేకుండా, జ్వరం లేకుండా, పొరను తినేసి నెలసరిని ఆపేస్తుంది. హిస్టెరోస్కోపీతో లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపితే గానీ తేలదు.

ప్రైమరీకి వస్తే, గర్భనిర్ధారణ తర్వాత రక్తం కన్నా ముందు కళ్లతో చూడాల్సినవి రెండు. రొమ్ములు పెరిగాయా? గర్భసంచి ఉందా? రొమ్ములు పెరిగాయంటే ఒంట్లో ఎస్ట్రోజన్ తయారైందన్నమాట. పెళ్లికాని అమ్మాయికి లోపలి పరీక్ష చేయకుండానే, మూత్రం నిండా పట్టి పొట్టమీద చేసే స్కానింగ్‌తో రెండో ప్రశ్నకు జవాబు వెతుకుతారు.

రొమ్ములు పెరిగి, నెలనెలా నాలుగైదు రోజులు పొత్తికడుపు నొప్పి వచ్చి పోతూ, ఒక్కోసారి మూత్రం కూడా బిగుసుకుంటుంటే నెలసరి రావడం లేదని కాదు, బయటికి రావడం లేదని. యోనిద్వారం పొరతో పూర్తిగా మూసుకుపోయి ఉంటే రక్తం వెనక నిలిచి పొర నీలంగా ఉబికి కనిపిస్తుంది. ఒక్క చూపుతో తేలే ఈ స్థితిలో పొట్టనొప్పికి మందులు మారుస్తూ నెలలు గడవడం బాధాకరం. చిన్న ఆపరేషన్‌తో పొరను సరిగా తెరవాలి. సూదితో గుచ్చి తీసి ఊరుకుంటే లోపల మిగిలిన రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తుంది.

రొమ్ములు బాగానే పెరిగి, నొప్పి లేకుండా, స్కానింగ్‌లో గర్భసంచి కనిపించకపోతే కారణం రెండింటిలో ఒకటి. ఎంఆర్‌కేహెచ్ అనే స్థితిలో క్రోమోజోములు 46,ఎక్స్ఎక్స్, అండాశయాలు చక్కగా ఉంటాయి, హార్మోన్లన్నీ మామూలే. గర్భసంచి మాత్రం పుట్టుకతో ఏర్పడదు. దాదాపు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. కొందరికి ఒక మూత్రపిండం కూడా ఉండదు కాబట్టి అదే స్కానింగ్‌లో అదీ చూస్తారు. రెండోదానిలో క్రోమోజోములు 46,ఎక్స్‌వై. కడుపులో ఉన్నవి వృషణాలు, అవి టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి కానీ శరీరంలోని కణాలు దాన్ని గుర్తించవు. అందుకని ఆడపిల్లగానే పుట్టి పెరుగుతుంది, చంకలో, కింద వెంట్రుకలు మాత్రం చాలా పల్చగా ఉంటాయి. టెస్టోస్టెరాన్ ఒక్కటి చేస్తే ఈ రెండూ విడిపోతాయి. క్రోమోజోముల పరీక్ష, అంటే కేరియోటైప్, దాన్ని ఖాయం చేస్తుంది. ఈ మాట అమ్మాయికి చెప్పే తీరు మీద ఆమె జీవితం ఆధారపడి ఉంటుంది. ‘నువ్వు ఆడపిల్లవి కాదు’ అన్న మాట వైద్యపరంగానూ తప్పే.

రొమ్ములు పెరగని అమ్మాయిలో మాత్రం ఎఫ్‌ఎస్‌హెచ్ దారి చూపిస్తుంది. తక్కువగా ఉంటే ఆలస్యమైన యుక్తవయసో, వాసన తెలియకపోవడంతో కలిసి వచ్చే కాల్‌మన్ సిండ్రోమో, పిట్యూటరీ లోపమో. ఎక్కువగా ఉంటే లోపం అండాశయంలో. ఇక్కడ స్కానింగ్ ఎలా తప్పుదారి పట్టిస్తుందో చూడటానికి రెండో ఉదాహరణ.

16 ఏళ్ల అమ్మాయి, పదో తరగతి పూర్తయింది. ఎత్తు 138 సెంటీమీటర్లు. తల్లి 155, తండ్రి 168. తరగతిలో ముందు బెంచీలోనే కూర్చుంటూ వచ్చింది, అందరూ పొట్టి అని వదిలేశారు. రొమ్ములు పెరగలేదు, నొప్పులు లేవు. గర్భపరీక్ష నెగటివ్. పొట్టమీద స్కానింగ్ చేసి ‘గర్భసంచి కనిపించలేదు, అండాశయాలు కనిపించలేదు’ అని రాశారు. గర్భసంచి లేదు కాబట్టి ఇక చేసేదేమీ లేదని ఒకచోట చెప్పేశారనుకుందాం. ఆ ఒక్క వాక్యం తప్పు. ఎస్ట్రోజన్ ఎప్పుడూ తగలని గర్భసంచి చిటికెన వేలంత ఉంటుంది, మూత్రం సరిగా నిండకపోతే స్కానింగ్ చేసేవారికి చిక్కదు. పైగా పుట్టుకతో గర్భసంచి లేని అమ్మాయికి అండాశయాలు బాగుంటాయి, రొమ్ములు పెరుగుతాయి. ఇక్కడ పెరగలేదు. స్కానింగ్ మాటకూ శరీరం చెబుతున్న మాటకూ పొసగడం లేదు.

ఎఫ్‌ఎస్‌హెచ్ చేస్తే 78 వచ్చింది, ఎస్ట్రాడయాల్ 10 కన్నా తక్కువ. ప్రొలాక్టిన్ మామూలే. టీఎస్‌హెచ్ 8.2, కాస్త ఎక్కువ. ఎఫ్‌ఎస్‌హెచ్ అంత ఉండి ఎత్తు అంత తక్కువంటే కేరియోటైప్ తర్వాతి మెట్టు. ఫలితం 45,ఎక్స్. రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. హెన్రీ టర్నర్ 1938లో వర్ణించిన ఈ స్థితి దాదాపు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. అండాలు కడుపులో ఉండగానే చాలావరకు కరిగిపోయి, అండాశయాలు సన్నని పట్టీల్లా మిగులుతాయి. కొందరిలో కొన్ని కణాలకు వై క్రోమోజోము ముక్క కూడా ఉంటుంది. అలాంటప్పుడు ఆ పట్టీల్లో గడ్డలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తీసేస్తారు. ఈ అమ్మాయిలో వై లేదు.

కారణం దొరికాక నెలసరి కన్నా ముందు గుండె చూస్తారు. టర్నర్‌లో మహాధమని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండటం, మహాధమని ఒకచోట నొక్కుకుపోయి ఉండటం తరచుగా కనిపిస్తాయి. కాబట్టి ఎకో, వీలైతే గుండె ఎంఆర్‌ఐ చేస్తారు. మూత్రపిండాల స్కానింగ్, చక్కెర, వినికిడి పరీక్షలు కూడా చేస్తారు. టీఎస్‌హెచ్ కాస్త పెరగడమూ ఇందులో భాగమే, వీరికి థైరాయిడ్ లోపం ఎక్కువ. ఎముకల వయసు ఎక్స్‌రేలో పెరిగే చోట్లు ఇంకా మూసుకోకపోతే గ్రోత్ హార్మోన్ గురించి పిల్లల ఎండోక్రైన్ వైద్యులు ఆలోచిస్తారు. కేరియోటైప్ పదేళ్ల ముందే చేసి ఉంటే ఆ మందుతో వచ్చే ఎత్తు చాలా ఎక్కువ ఉండేది. ఆడపిల్ల మరీ పొట్టిగా ఉందంటే రజస్వల వయసు దాకా ఆగకుండా కేరియోటైప్ చేయించమనేది అందుకే.

ఎస్ట్రోజన్ మొదలుపెట్టేటప్పుడు తొందరపడి గర్భనిరోధక మాత్రలు ఇచ్చేయకూడదు. వాటిలో ఉండే మోతాదు ఒకేసారి ఎక్కువ, పైగా ప్రొజెస్టరాన్ లాంటిది మొదటి రోజు నుంచే కలిసి ఉంటుంది. దాంతో రొమ్ములు సరిగా రూపు దిద్దుకోవు, గర్భసంచి పూర్తిగా పెరగదు. పెద్దవారి మోతాదులో ఎనిమిదో వంతుతో మొదలుపెట్టి, ప్రకృతిలో జరిగినట్టే రెండు మూడేళ్లలో మెల్లగా పెంచుతారు. దాదాపు రెండేళ్లకు, లేదా మధ్యలో రక్తం కనిపిస్తే అప్పటి నుంచి, నెలలో పన్నెండు రోజులు ప్రొజెస్టరాన్ కలుపుతారు. అది లేకుండా ఎస్ట్రోజన్ ఒక్కటే కొనసాగితే గర్భసంచి పొర అదుపు తప్పి మందమవుతుంది. ఈ దశలో చేసే స్కానింగ్‌లో, అంతకుముందు ‘కనిపించలేదు’ అని రాసిన గర్భసంచిని సెంటీమీటర్లలో కొలిచి రాస్తారు.